1506 అనే అంకె ఏం చెబుతుంది? గంజాం కొండల మెరియా పత్రాలను చదివే తీరు

సంక్షిప్తంగా: 1837 నుంచి 1854 వరకు గంజాం, బౌధ్, జయపురం కొండల్లో నరబలి నుంచి 1506 మందిని కాపాడామని కంపెనీ అధికారులు లెక్క రాశారు. అలా బలి కోసం కొని తెచ్చిన మనిషినే వాళ్ళ పత్రాల్లో మెరియా అన్నారు. ఇది ఎక్కువగా వాళ్ళ ఇంగ్లీషు పత్రాల ద్వారానే మనకు తెలిసిన చరిత్ర. ఆ పత్రాలు రాసినవారికి పక్షపాతం ఉంది. అయినా వాటిలో నమ్మదగిన సంగతులూ ఉన్నాయి. ఒక పత్రాన్ని మొత్తంగా నమ్మాలా వద్దా అని కాక, అందులోని ఏ మాట ఏ ప్రశ్నకు పనికొస్తుందని అడగాలన్నదే ఈ వ్యాసం వాదన.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళలోంచి వచ్చి డిగ్రీలో చరిత్ర చదివేవారికి ఒక చిక్కు ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, చదవాల్సిన పాత పత్రాలేమో పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు. భాషతో కుస్తీ పట్టి వాక్యానికి అర్థం తేల్చుకునేసరికే ఓపిక అయిపోతుంది. ఆ వాక్యం నిజమా అని అడిగే వ్యవధి మిగలదు. అందుకే జవాబుపత్రాల్లో రెండు తీర్లు కనిపిస్తాయి. కొందరు అధికారి రాసిందంతా జరిగినట్టే దించేస్తారు. మరికొందరు ‘తెల్లవాళ్ళ రాత, కాబట్టి పక్షపాతం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండో తీరు తెలివైనదిగా కనిపిస్తుంది గానీ, పత్రాన్ని చదవకపోవడంలో రెండూ ఒకటే.

ఈ చిక్కును విడదీయడానికి ఈ ప్రాంతపు చరిత్రలోనే మెరియా వ్యవహారమంత మంచి ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. ఎందుకంటే ఇందులో ఒకే పని చేసిన ఇద్దరు అధికారులు ఒకరినొకరు తప్పు పడుతూ రాశారు.

పత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి

ఇప్పటి భంజనగర్‌కు ఇంగ్లీషువారి కాలంలో రసెల్‌కొండ అని పేరు. ఒడియా ఊరికి ఒక ఇంగ్లీషు ఇంటిపేరూ ఒక తెలుగు మాటా కలిపి పెట్టిన పేరు అది. ఆ రసెల్ మద్రాసు రెవెన్యూ బోర్డు సభ్యుడు జార్జ్ ఎడ్వర్డ్ రసెల్. 1830ల్లో పర్లాకిమిడి అల్లర్లను అణచడానికి వచ్చి, తరువాత ఘుమ్సర్ యుద్ధానికి కమిషనర్ అయ్యాడు. ఘుమ్సర్ రాజు ధనంజయ భంజ కంపెనీకి కట్టాల్సిన పేష్కష్, అంటే కప్పం, బకాయి పడ్డాడు. కంపెనీ జమీను స్వాధీనం చేసుకోబోతే ఆయన కొండలెక్కి అక్కడి కోదు తెగవాళ్ళ ఆశ్రయం తీసుకున్నాడు, 1835 చివర్లో చనిపోయాడు. రాజు వెంట సైన్యం కొండల్లోకి వెళ్ళింది. కోదులు మనుషులను కొని భూదేవతకు బలి ఇస్తారన్న కబురు ఈ యుద్ధం మధ్యలోనే ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది.

ఇక్కడే మొదటి అనుమానం పుట్టాలి. బకాయి కోసం మొదలైన యుద్ధంలో శత్రువు మీద ఇంత ఘోరమైన ఆరోపణ దొరికితే, యుద్ధాన్ని సమర్థించుకోవడానికి అది ఎంతో అనువుగా ఉంటుంది. అనుమానం సబబే. కానీ రసెల్ నివేదికను చివరిదాకా చదివితే అనుమానం కాస్త సడలుతుంది. బలిని ఆయుధబలంతో ఒక్కసారిగా మాన్పించబోవద్దనీ, రాకపోకలూ వర్తకమూ పెంచి మెల్లగా మార్చాలనీ ఆయన సలహా ఇచ్చాడు. యుద్ధానికి సాకు వెతికేవాడు ఇలాంటి సలహా ఇవ్వడు. అంటే పక్షపాతానికి కారణం ఉందని తేల్చినంత మాత్రాన సరిపోదు. ఆ పక్షపాతం ఈ పత్రంలో నిజంగా పనిచేసిందా, చేస్తే ఏ వైపుకు లాగింది అన్నది వాక్యాల్లో చూడాలి.

రసెల్ తరువాత ఇద్దరు కెప్టెన్లు వచ్చారు. జాన్ క్యాంప్‌బెల్ 1837 నుంచి కొండల్లో పనిచేసి, 1842లో చైనా యుద్ధానికి వెళ్ళాడు. ఆయన స్థానంలో శామ్యూల్ చార్టర్స్ మాక్‌ఫర్సన్ వచ్చాడు. బలి జరిగే కొండలు కొన్ని మద్రాసు కింద, బౌధ్ లాంటివి బెంగాల్ కింద ఉండటంతో, 1845లో ఒక చట్టం చేసి రెండిటికీ కలిపి మెరియా ఏజెన్సీ పెట్టి మాక్‌ఫర్సన్‌ను ఏజెంటు చేశారు. 1846లో బౌధ్‌లోని బిసిపాడా దగ్గర కోదులు ఆయనకు సుమారు 170 మంది మెరియాలను అప్పగించారు. కొద్దిరోజులకే జనం శిబిరాన్ని చుట్టుముట్టారు. బలి ఇవ్వబోమన్న హామీ తీసుకుని, వాళ్ళను ఆయన తిరిగి ఇచ్చేశాడు. తరువాత తిరుగుబాటు రేగింది. 1847లో ఆయనను తప్పించి మళ్ళీ క్యాంప్‌బెల్‌ను పంపారు. ఆయన 1854 దాకా ఏజెంటు. మాక్‌ఫర్సన్ మీద విచారణ జరిగి, తప్పు లేదని తేలింది.

ఇద్దరి వెర్షన్లూ తరువాత పుస్తకాలయ్యాయి. క్యాంప్‌బెల్ పుస్తకం లండన్‌లో 1864లో వచ్చింది. అప్పటికి ఆయన కొండలు దిగి పదేళ్ళు. దాని పేరులోనే ‘ఖోండిస్తాన్ అడవి తెగల’ నడుమ పదమూడేళ్ళు సేవ చేసిన ‘స్వానుభవం’ అని ఉంటుంది. మాక్‌ఫర్సన్ 1860లోనే చనిపోయాడు. ఆయన ఉత్తరాలు, నివేదికలు ఏరి కూర్చి 1865లో తమ్ముడు విలియం పుస్తకంగా వేశాడు. ఒకటి బతికున్న మనిషి తన పేరు కోసం రాసుకున్నది. ఇంకొకటి చనిపోయిన అన్న పేరు నిలబెట్టడానికి తమ్ముడు కూర్చింది. రెండూ మూలాధారాలే. కానీ రెండో పుస్తకంలో ఏ ఉత్తరం వేయాలో, ఏది పక్కన పెట్టాలో ఎంచింది ఇంకో చెయ్యి. ఈ సంగతిని విద్యార్థులు తరచు మరచిపోతారు.

‘అట’ పెట్టి చదవడం

ఇంగ్లీషు పత్రం చదివే తెలుగు విద్యార్థికి ఇంగ్లీషు విద్యార్థికి లేని సాధనం ఒకటుంది. కళ్ళతో చూసినదానికీ ఎవరో చెబితే విన్నదానికీ తెలుగు వాడుకలో తేడా వినిపిస్తుంది. ‘వాళ్ళు భూదేవతకు మనిషిని బలి ఇచ్చారు’ అనడం వేరు, ‘ఇచ్చారట’ అనడం వేరు. చూడని సంగతిని ‘అట’ లేకుండా చెబితే ‘నువ్వు చూశావా’ అని ఎదుటివారు నిలదీస్తారు. ఇంగ్లీషు వాక్యానికి ఆ బాధ్యత లేదు. నివేదిక రాసే అధికారి బలి తంతును వరుసగా, వర్తమానకాలంలో, పక్కన నిలబడి చూసినట్టే రాసుకుపోగలడు.

కాబట్టి పత్రంలోని ఒక పేజీ తీసుకుని వాక్యం వాక్యం తెలుగులోకి మార్చడం మంచి పద్ధతి. అధికారి తాను చూశానని స్పష్టంగా చెప్పని ప్రతిచోటా ‘అట’ చేర్చాలి. మెరియా పత్రాల మీద ఈ పని చేస్తే ఫలితం ఆశ్చర్యంగా ఉంటుంది. కోదు పెద్దలు పులిచర్మం మీద కూర్చుని, మన్నూ బియ్యమూ నీళ్ళూ పట్టుకుని, ఇక బలి ఇవ్వబోమని ప్రమాణం చేశారని రాసినచోట ‘అట’ అవసరం లేదు. ప్రమాణం చేయించింది అధికారే. పిల్లల అప్పగింత, శిబిరం ముట్టడి, కూలీలు దొరక్క ఆగిన ప్రయాణం కూడా అంతే. కానీ బలి తంతు వివరాలకు వచ్చేసరికి దాదాపు ప్రతి వాక్యానికీ ‘అట’ తగిలించాల్సి వస్తుంది. ఆ వర్ణనలు ఎక్కువగా పట్టుబడ్డవారూ పెద్దలూ దుబాసీలూ చెప్పిన మాటల కూర్పు.

పత్రంలో అత్యంత వివరంగా, అందుకే అత్యంత నమ్మకంగా కనిపించే పేజీలు ఇలా అధికారి స్వయంగా చూడని పేజీలవుతాయి. వివరం ఎక్కువైతే నమ్మకం పెరగడం మనిషి స్వభావం. పత్రాన్ని అంచనా వేసేటప్పుడు ఆ అలవాటును కాస్త అదుపులో పెట్టాలి.

‘అట’ వెనక ఎన్ని నోళ్ళున్నాయో కూడా లెక్కపెట్టాలి. కొండమీది పెద్ద కుయి భాషలో చెబుతాడు. దుబాసీ దాన్ని ఒడియాలోకి తెస్తాడు. అధికారి దాన్ని ఇంగ్లీషులో రాసుకుంటాడు. ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒకటి మారుతుంది. ‘మెరియా’ అన్న మాటే ఇందుకు సాక్ష్యం. అది ఒడియావాళ్ళు వాడిన మాట. కోదులు తమ భాషలో ‘టోకి’, ‘కెడ్డి’ అంటారని మాక్‌ఫర్సనే రాశాడు. మొత్తం వ్యవహారానికీ ఏజెన్సీకీ పెట్టిన పేరు బలి ఇచ్చేవాళ్ళది కాదు, మధ్యలో నిలబడి మాట మార్చి చెప్పినవాళ్ళది.

మాక్‌ఫర్సన్ రాసిన కోదుల మతం ఈ గొలుసుకు ఇంకా పెద్ద ఉదాహరణ. ఆయన ప్రకారం కోదుల్లో రెండు శాఖలున్నాయి. వెలుగు దేవుడు బూరా పెన్నును కొలిచేవారు ఒక శాఖ, భూదేవత తారి పెన్నును కొలిచి నరబలి ఇచ్చేవారు ఇంకొక శాఖ. సృష్టి ఎలా జరిగింది, చెడు ఎలా పుట్టింది, దేవతల తగవు ఎలా తీరింది అన్నదంతా క్రమంగా, ఒక వేదాంత గ్రంథంలా ఉంటుంది. అంత క్రమం చూడగానే అడగాల్సింది, ఈ క్రమం చెప్పినవాడిదా, విన్నవాడిదా అని. ఊరూరా తంతు మారే కొండప్రాంతంలో ఒకే సిద్ధాంతం ఇంత పొందికగా దొరకడం కొంత అనుమానించాల్సిందే.

క్యాంప్‌బెల్ అయితే అదంతా ఒట్టి కల్పన అని కొట్టిపారేశాడు. విద్యార్థి ఇక్కడ తొందరపడి ‘చూశారా, సాటి అధికారే కాదన్నాడు’ అని రాస్తాడు. కానీ క్యాంప్‌బెల్ మాట తటస్థ సాక్ష్యం కాదు. మాక్‌ఫర్సన్‌కు పండితుడన్న పేరు తెచ్చింది ఆ వర్ణనే. దాన్ని పడగొడితే లాభం క్యాంప్‌బెల్‌దే. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్పారని తేలినంత మాత్రాన రెండోవాడు నిజం చెప్పినట్టు కాదు.

ప్రత్యర్థులు ఒప్పుకున్నచోట

ఈ ఇద్దరి తగవు చరిత్ర విద్యార్థికి నష్టం కాదు, లాభం. తంతు వివరాల్లో, మతం విషయంలో, మాన్పించే పద్ధతిలో, ఎవరి వల్ల పని జరిగిందన్నదానిలో ఇద్దరికీ పడదు. కానీ కొన్ని సంగతుల్లో ఇద్దరి మాటా ఒకటే. బలికి వాడే మనిషిని డబ్బో సరుకో ఇచ్చి కొనాలి. అలా తెచ్చి అమ్మేది ఎక్కువగా పాణో కులంవాళ్ళు, జయపురం వైపు డోంబు కులంవాళ్ళు. బలి భూదేవతకు, పంట కోసం. ఒకరిని తప్పు పట్టడమే పనిగా పెట్టుకున్న ఇంకొకరు ఈ మూడు అంశాలను వదిలేశారంటే, వాటిని తప్పు పట్టే సందు దొరకలేదనుకోవచ్చు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఇద్దరూ ఒకే తరహా మనుషుల నుంచి కబుర్లు విన్నారు. పాణోల మీద ఆరోపణ ఇద్దరి రాతల్లోనూ ఒకే తీరుగా ఉందంటే, అది ఇద్దరూ విడివిడిగా కనుక్కున్నది కావచ్చు, లేదా ఇద్దరికీ ఒకే వర్గంవాళ్ళు చెప్పినదీ కావచ్చు. రెండు పత్రాలు ఒకే మాట చెబితే అవి రెండు సాక్ష్యాలో, ఒకే సాక్ష్యానికి రెండు నకళ్ళో తేల్చాలి.

ఈ జాగ్రత్త తరువాతి పుస్తకాల విషయంలో మరీ అవసరం. మెరియా బలి ప్రపంచమంతా తెలియడానికి ఒక పెద్ద కారణం, మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ తన ‘గోల్డెన్ బౌ’లో దాన్ని ఉదాహరణగా వాడటం. ఆయన ఎక్కువగా ఆధారపడింది ఈ క్యాంప్‌బెల్, మాక్‌ఫర్సన్‌ల మీదే. వాటినే ఎత్తిరాసిన పుస్తకాలు ఎన్నో. లైబ్రరీలో పది పుస్తకాలు తిరగేసి పదింటిలోనూ ఉందని సంబరపడిన విద్యార్థి వాటి ఫుట్‌నోట్లు పట్టుకుని వెనక్కు నడిస్తే, తరచు మళ్ళీ ఇద్దరు కెప్టెన్ల గుడారం ముందుకే వచ్చి నిలబడతాడు.

అంకెను విప్పి చూస్తే

ఇక 1506 దగ్గరికి వద్దాం. 1837 నుంచి 1854 వరకు ఏజెన్సీ కాపాడామన్న మెరియాల పట్టిక అది. మగవారు 717, ఆడవారు 789. ప్రాంతాలవారీగా ఘుమ్సర్‌లో 223, బౌధ్‌లో 345, చిన్నకిమిడిలో 666, జయపురంలో 193, కలహండిలో 77, ఒడిశాలోని పాట్నా సంస్థానంలో 2.

ఈ అంకెను జవాబుపత్రాల్లో ‘1506 మందిని బలి ఇచ్చారు’ అని రాసేవారున్నారు. అది పూర్తిగా తలకిందుల చదువు. వీళ్ళు చనిపోయినవారు కాదు, అప్పగించబడ్డవారు. ఇంకాస్త జాగ్రత్తగా చదివేవారు ‘బలి కాబోతున్నవారు’ అంటారు. అదీ పట్టికలో లేదు. పట్టిక చెప్పేదల్లా, అధికారి మెరియాలుగా లెక్కవేసి తీసుకున్నవారి సంఖ్య. ఎవరు మెరియా అన్నది ఎవరు తేల్చారు? శిబిరంలో అధికారి. కొని పెంచినవాళ్ళలో ‘పోసియా పో’ అని ఇంకో తరగతి కూడా ఉండేదని క్యాంప్‌బెల్ రాశాడు. చిన్నప్పుడే కొని ఇంట్లో పనివాళ్ళలా పెంచినవారు వాళ్ళు. ఎవరు ఏ తరగతి అన్న గీత కొండ ఇంట్లో ఎంత స్పష్టంగా ఉండేదో గానీ, రిజిస్టరులో మాత్రం గడి కొట్టి గీయాల్సిందే.

ప్రాంతాలవారీ అంకెలు కూడా చూసినంత సులువు కాదు. మొత్తంలో 44 శాతం చిన్నకిమిడి నుంచే. దీన్ని బట్టి బలి అక్కడే ఎక్కువ అనుకోవచ్చా? ఏజెన్సీ పని నడిచేది శీతాకాలం నెలల్లోనే. ఎండలూ వానలూ వస్తే కొండజ్వరానికి భయపడి శిబిరాలు మైదానానికి దిగేవి. అంటే ఏ ఏడాది సైన్యం ఏ కొండల్లో తిరిగితే ఆ ఏడాది అక్కడి అంకె పెరుగుతుంది. చిన్నకిమిడి, బౌధ్‌లతో పోలిస్తే జయపురం అంకె చిన్నదిగా ఉండటానికి అక్కడ ఆచారం తక్కువ కావడం ఒక కారణం కావచ్చు, అంత దూరం అధికారులు వెళ్ళింది తక్కువ కావడం ఇంకొకటి కావచ్చు. పట్టిక కొలిచింది బలి ఆచారాన్ని ఎంతో, అధికారుల నడకనూ అంతే.

అలాగని పట్టికను చెత్తబుట్టలో వేయకూడదు. దానికి ఇంకో భాగం ఉంది. అప్పగించబడ్డవారు తరువాత ఏమయ్యారన్నది. బంధువులకు అప్పగించినవారు, మైదానంలో మంచిపేరున్నవారికి పెంపకానికి ఇచ్చినవారు కలిసి 344. కోదులకూ ఇతరులకూ పెళ్ళి చేసి ఇచ్చినవారు 267. సర్కారు కొలువులోనో ప్రైవేటు కొలువులోనో బతుకుతున్నవారు 306. కటక్, బరంపురం, బాలాసోర్ మిషన్ బడుల్లో 200. ఊళ్ళలో సేద్యానికి పెట్టినవారు 121. సొరడలో కూలి చేసుకునేవారు 25, అక్కడే ఆశ్రయంలో ఉన్న అశక్తులు 8. చనిపోయినవారు 158. పారిపోయినవారు 77.

ఒక కాగితం మీద కూడి చూస్తే ఇది కూడా సరిగ్గా 1506 అవుతుంది. ప్రాంతాలవారీ కూడిక, ఆడా మగా కూడిక, తరువాతి గతి కూడిక, మూడూ ఒకే చోటికి వస్తాయి. అంచనా వేసి రాసిన అంకెలు ‘సుమారు వెయ్యి’, ‘పదిహేను వందలకు పైగా’ అన్నట్టు గుండ్రంగా ఉంటాయి. ఇవి అలా లేవు. దీని వెనక మనిషి మనిషినీ ఎక్కించిన రిజిస్టరు ఉందనడానికి ఇది బలమైన గుర్తు. అయితే లెక్క సరిపోయిందంటే గుమాస్తా పని సరిగ్గా చేశాడనే అర్థం. ప్రతి పేరూ సరైన గడిలో ఉందని అది చెప్పదు.

ఏజెంటు ఇష్టపడని గడులు

పత్రంలో రచయితకు నష్టం చేసే మాటకు విలువ ఎక్కువ. ఏజెన్సీ నిలబడాలన్నా, ఖర్చు మంజూరు కావాలన్నా, ఏజెంటుకు పేరు రావాలన్నా కాపాడినవారి సంఖ్య పెద్దదిగా ఉండాలి. కాబట్టి మొత్తం అంకెను పెంచి చూపే ఒత్తిడి అధికారి మీద ఉంది. దాన్ని కొంత అనుమానంగానే చదవాలి. కానీ 158, 77 అన్న గడులు ఆ ఒత్తిడికి ఎదురు పోతాయి. కాపాడినవారిలో పదిమందికి ఒకరు మించి చనిపోయారనీ, ఇరవైమందికి ఒకరు చొప్పున పారిపోయారనీ చెప్పుకోవడం ఏ ఏజెంటుకూ శోభ కాదు. రాయక తప్పక రాసినవి గనుక వాటిని, ఉంటే గింటే అంతకన్నా ఎక్కువే ఉండవచ్చని, కనీస సంఖ్యలుగా తీసుకోవచ్చు.

267 కూడా అలాంటిదే, ఇంకో రకంగా. బలి నుంచి తప్పించామన్న ఆడపిల్లల్లో కొందరిని మళ్ళీ కోదులకే పెళ్ళి చేసి ఇచ్చారని ఆ గడి ఒప్పుకుంటోంది. ‘రెస్క్యూడ్’ అన్న ఇంగ్లీషు మాట చదివేవారి మనసులో వేసే బొమ్మకు ఇది సరిపోదు. ఆ మాట అధికారిది. మెరియా పిల్ల దృష్టిలో అదే సంఘటన సైన్యం వచ్చి తెలిసిన ఇంటి నుంచి తీసుకుపోవడం, బరంపురంలో మిషన్ బడి, కొత్త పేరు, కొత్త దేవుడు, కొన్నాళ్ళకు ఎవరో చూసిన పెళ్ళి కావచ్చు. పారిపోయిన 77 మంది ఎక్కడికి వెళ్ళారో పట్టిక చెప్పదు. తమను బలి ఇస్తారన్న కొండకే తిరిగి వెళ్ళి ఉంటే, ‘మెరియా’ అన్న ముద్ర అందరికీ ఒకటే అర్థం కాదన్న ప్రశ్న లేస్తుంది. అయితే ఇది ప్రశ్న వరకే. ఖాళీ గడిని ఊహతో నింపడం అధికారి చేసిన తప్పునే తిరిగి చేయడం అవుతుంది.

బిసిపాడాలో 170 మందిని తిరిగి ఇచ్చేసిన సంగతికి కూడా ఇదే కొలత. క్యాంప్‌బెల్ దాన్ని ప్రత్యర్థి ఓటమిగా చెబుతాడు. అక్కడ ఆయన స్వరాన్ని అనుమానించవచ్చు. కానీ మాక్‌ఫర్సన్ పక్షం కూడా దాన్ని కాదనదు, కారణాలు మాత్రం వేరుగా చెబుతుంది. కాబట్టి సంఘటన నిలుస్తుంది, కారణం తగవులోనే మిగులుతుంది. పరీక్షలో రెండు వాక్యాలుగా విడదీసి రాయాల్సింది సరిగ్గా ఇక్కడే.

కొండవైపు నుంచి వినిపించేది

కోదులు స్వయంగా రాసుకున్న పత్రాలు లేవు. అయినా అటువైపు నుంచి ఏమీ లేదనడం సరికాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రెండ్-పెరీరా అనే వ్యక్తి సేకరించిన ఒక కోదు పాట అచ్చయింది. అందులో పెద్ద ‘కియాబోన్’ సాయబు వచ్చేనాటికి దేశం చీకట్లో, మంచులో ఉందనీ, పైకులనే స్థానిక సిపాయిలను పంపి బలి ఇచ్చేవాళ్ళను చుట్టుముట్టి పట్టుకున్నారనీ, గొలుసులూ సంకెళ్ళూ చూసి జనం భయపడ్డారనీ ఉంటుంది. తరువాత ‘మొకోడెల్లా’ సాయబు వచ్చి బుద్ధి నేర్పాడని, బంగళాలూ బడులూ కట్టాడని. కియాబోన్ అంటే క్యాంప్‌బెల్, మొకోడెల్లా అంటే మాక్‌ఫర్సన్.

ఈ పాటను కూడా ‘అట’ పెట్టే చదవాలి. సంఘటనలకు అరశతాబ్దం తరువాత, ఒక ఇంగ్లీషు కలం దాన్ని రాసుకుని ఇంగ్లీషులోకి మార్చింది. సర్కారుకు నచ్చే పొగడ్త అందులో ఉండటం ఆశ్చర్యం కాదు. అయినా రెండు విషయాలు ఆగి చూడదగ్గవి. ఒకటి, అధికారుల పుస్తకాల్లో ఒప్పందాలూ ప్రమాణాలూ ముందుంటే, పాట గుర్తుంచుకున్నది పైకులను, సంకెళ్ళను, భయాన్ని. పొగడ్త పాటలో ఆ మాట దొర్లిందంటే అది అప్పటి జ్ఞాపకం నుంచే వచ్చి ఉండాలి. రెండు, లండన్‌లో రెండు పుస్తకాలకు కారణమైన ఇద్దరి తగవు పాటలో లేదు. కొండవాళ్ళకు ఒకరి తరువాత ఒకరు వచ్చిన ఇద్దరు సాయబులు, అంతే.

బలి ఆచారం ఉందా లేదా అన్న మూల ప్రశ్నకు కూడా సైనికాధికారుల పుస్తకాలు కాని ఆధారాలు కొన్ని ఉన్నాయి. మనిషికి బదులు దున్నపోతును అదే భూదేవతకు బలి ఇచ్చే ఆచారం తరువాత చాలాకాలం సాగింది. నరబలికి అనుమతి కోరుతూ 1902లో గంజాం జిల్లా మేజిస్ట్రేటుకు అర్జీ వచ్చిందని థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాలు, తెగల సంపుటాల్లో ఉంది. ఇలాంటివి కలిపి చూస్తే ఆచారం ఉండేదన్న మాట గట్టిగా నిలుస్తుంది. ఏడాదికి ఎందరు, ఏ ఊళ్ళో ఎంత తరచుగా అన్నదానికి మాత్రం ఈ ఆధారాలు వేటికీ ఆ బలం లేదు. 1506ను 17 ఏళ్ళతో భాగించి ఏడాదికి సుమారు 89 బలులని తేల్చడం కుదరని పని. ఆ అంకె లెక్కపెట్టింది బతికి ఉన్నవాళ్ళను.

మూల పత్రాలు చూడాలనుకునేవారికి ఏజెన్సీ చరిత్రే ఒక దారి చూపిస్తుంది. కొండలు రెండు ప్రెసిడెన్సీల మధ్య పడటంతో ఉత్తరప్రత్యుత్తరాలూ రెండుగా చీలాయి. మద్రాసు వైపువి చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి, భారత ప్రభుత్వం వైపువి ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో. పర్లాకిమిడి, ఘుమ్సర్ అల్లర్ల మీద రసెల్ నివేదికలను మద్రాసు ప్రభుత్వం 1856లో అచ్చువేసింది కాబట్టి అవి లైబ్రరీల్లోనూ దొరుకుతాయి. ఏజెన్సీ కాపాడామన్న ఒకే మనిషి పేరు ఒకచోట రిజిస్టరులోనూ, ఇంకోచోట మిషన్ బడి జాబితాలోనూ దొరికితే, పట్టికలోని ఒక గడి మొదటిసారి మనిషి కథగా మారుతుంది. బరంపురంలో చదువుకున్న ఆ పిల్లల్లో ఎవరి గురించైనా అలా రెండు వైపుల నుంచి పేరు పట్టుకోగలగడం, ఈ జిల్లాల్లో డిగ్రీ ప్రాజెక్టుకు సరిపోయేంత పని.